పరీక్ష మధ్యలో అకౌంట్ లాక్ అయితే

ఇంటి నుంచి ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్నారు. 34వ ప్రశ్న దగ్గర ఉండగా తెర మీద ప్రశ్న మాయమై 'Your account has been locked' అన్న ముక్క మిగిలింది. గడియారం 10:42 చూపిస్తోంది, ఇంకా 38 నిమిషాల టైముంది. ఎవరికైనా చెయ్యి ముందు ఫోన్ మీదికే పోతుంది. చిక్కు అక్కడే. కెమెరా ఇంకా రికార్డు చేస్తూ ఉండొచ్చు, చెప్పకుండా ఫోన్ ఎత్తితే అది కాపీ ప్రయత్నంగా నమోదు కావచ్చు. చాట్ పెట్టె పనిచేస్తుంటే 'అకౌంట్ లాక్ అయింది, ఫొటో తీసి హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తున్నాను' అని ప్రాక్టర్‌కి రాయండి. అది కూడా పోతే కెమెరా వైపు చూసి అదే మాట పైకి అనండి. ఆ తర్వాతే ఫొటో. ఎర్రర్ మెసేజ్, మూలనున్న గడియారం రెండూ పడాలి. ప్రశ్న కనిపిస్తుంటే మాత్రం తీయొద్దు, అది ఇంకో నేరమవుతుంది.

కంగారులో ఇంకో ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవ్వకండి. ఒకే అకౌంట్ రెండు చోట్ల తెరుచుకోవడం లాక్ పడే కారణాల్లో ఒకటి. కొత్త లాగిన్ పాత రికార్డుతో కలిసిపోతే అసలు ఏది ముందు జరిగిందో తేల్చడం కష్టం.

నిర్వాహకులకు మెయిల్ ఆ గంటలోనే వెళ్లాలి. అందులో మీ కోపం కంటే వాళ్లకు పనికొచ్చేది నిమిషం. సర్వర్ లాగ్‌లు చాలాచోట్ల UTC సమయంలో ఉంటాయి. మన 10:42 అక్కడ 05:12. 'పదిన్నర దాటాక' అని రాస్తే వెతికేవాళ్లకు ఏమీ దొరకదు. ఇలా రాస్తే చాలు:

'రిజిస్ట్రేషన్ నంబరు ఇది. ఉదయం 10:42 (IST) కి 34వ ప్రశ్న వద్ద అకౌంట్ లాక్ అయింది. 10:39కి వైఫై ఒకసారి పోయి వచ్చింది. 10:44కి ప్రాక్టర్‌కి చాట్‌లో, 10:47కి హెల్ప్‌డెస్క్‌కి ఫోన్‌లో చెప్పాను. ఫొటో జతచేశాను. నా సెషన్ లాగ్, వీడియో చెరిపేయకుండా ఉంచండి. 33 జవాబులు సేవ్ అయ్యాయో లేదో, మిగిలిన 38 నిమిషాలు ఇస్తారా, మళ్లీ పరీక్ష పెడతారా తెలపండి.'

వైఫై సంగతి దాచాలనిపిస్తుంది. దాచొద్దు. లాగ్‌లో అది ఎలాగూ కనిపిస్తుంది, మీరు చెప్పకపోతే మిగతా మాటల మీదా అనుమానం వస్తుంది. 'మీ సర్వర్ పడిపోయింది' అనీ రాయొద్దు. మీరు చూసింది తెర మాత్రమే, సర్వర్‌ని కాదు. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరడిగినా ఇవ్వనక్కర్లేదు.

ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన సమయం వివరాలూ పోతాయి. అసలు ఫైలు ఫోన్‌లోనే ఉంచి, దాన్నే మెయిల్‌కి జతచేయండి. ఫోన్‌లో ఎవరైనా 'చూస్తాం' అంటే టికెట్ నంబరు అడిగి, ఆ మాటని మెయిల్‌లో తిరిగి రాసి పంపండి. జవాబుగా 'అనుమానాస్పద ప్రవర్తన' అని మాత్రమే వస్తే, ఏ నిమిషంలో ఏ ప్రవర్తనో చెప్పి, ఆ వీడియోని మనిషి చేత మళ్లీ చూపించమని రాతపూర్వకంగా అడగండి.