రైలు రద్దయింది, రేపు రాలేను సార్

సంక్రాంతి అయిపోయాక వచ్చే ఆదివారం మధ్యాహ్నం నుంచి రాష్ట్రంలోని మేనేజర్ల ఫోన్లకు ఒకేరకం మెసేజీలు వస్తాయి. "సార్, ట్రైన్ క్యాన్సిల్ అయింది. రేపు రాలేకపోవచ్చు. సారీ సార్." చేతులు జోడించిన బొమ్మ ఒకటో రెండో ఉంటుంది. పంపినవాడి మనసు తేలికపడుతుంది కానీ, చదివినవాడికి పని మొదలవుతుంది. ఏ రైలు? ఎప్పుడొస్తాడు? రేపటి పని ఎవరు చేస్తారు? ఇవన్నీ ఫోన్ చేసి అడగాలి. ఊళ్లో సిగ్నల్ ఉండదు.

రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది "రద్దు" అన్న దగ్గరే. సగంమంది ఆ మాటను వాడకూడని చోట వాడతారు. రైలు మూడు గంటలు ఆలస్యమైతే అది రద్దు కాదు. దారి మళ్లించినా, బయల్దేరే వేళ మార్చినా రద్దు కాదు. వెయిటింగ్ లిస్టు టికెట్ చార్టు పడేదాకా ఖాయం కాకపోవడం అసలే కాదు. అక్కడ రైలు నడిచింది, మీకే సీటు దొరకలేదు. పండగ రద్దీలో అది తప్పేమీ కాదు, కానీ రెండూ ఒకటి కావు. మేనేజరు అనుమానపడితే రైలు నంబరు పట్టుకుని రైల్వేవారి ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూసుకోవచ్చు, 139కి ఫోన్ చేసీ కనుక్కోవచ్చు. "సీటు ఖాయం కాలేదు సార్" అని ఉన్నదున్నట్టు రాసినవాడికి ఆ ఒక్కరోజు సెలవు లెక్కతో పోతుంది. లేని రద్దును ఉందని రాసినవాడి మాట ఆ తర్వాత నిజంగా రైలు రద్దయిన రోజున కూడా చెల్లదు.

ఇందులో ఇంకో చిక్కుంది. దూరప్రాంతపు రైళ్లను రద్దు చేసినప్పుడు, జాబితాలో వేసేది ఆ రైలు మొదటి స్టేషన్‌లో బయల్దేరే తేదీ. హౌరాలో రాత్రి బాగా పొద్దుపోయాక కదిలే చెన్నై మెయిల్ విశాఖకు వచ్చేది మర్నాడు. మీ టికెట్ మీద 18 ఉంటే రద్దు జాబితాలో 17 ఉంటుంది. ఇది తెలియని మేనేజరు 18వ తేదీకి చూసి, రైలు నడుస్తున్నట్టే ఉందే అనుకుంటాడు. అలాంటి రైలైతే "17న హౌరాలో బయల్దేరాల్సింది" అని మెసేజీలో ఒక ముక్క కలిపితే ఆ అపోహకు చోటుండదు.

ఒక సందర్భం తీసుకుని చూద్దాం. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ అకౌంట్స్‌లో పనిచేసే కుర్రాడు పండక్కి పలాస దగ్గర సొంతూరికి వెళ్లాడనుకుందాం. 18 ఆదివారం రాత్రి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ ఉంది. సోమవారం ఆఫీసు. మంగళవారం 20వ తేదీ, అంటే ప్రతి నెలా జీఎస్‌టీఆర్-3బి రిటర్ను వేసే కంపెనీలకు ఆఖరు రోజు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి రైలు రద్దయినట్టు ఫోన్‌కు మెసేజీ వచ్చింది.

అప్పుడతను ఏం చేయగలడు? సోమవారం రైలుకు తత్కాల్ కోటా ఆదివారం ఉదయమే తెరిచారు, ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11కి. సాయంత్రానికి అందులో మిగిలేదేమీ ఉండదు. పండగ ఆదివారం రాత్రి బస్సులూ నిండిపోయి ఉంటాయి. మిగిలింది సోమవారం సాయంత్రం బస్సు. కానీ అందులో సీటు ఉందో లేదో తెలియడానికి ఇంకో రెండు మూడు గంటలు పట్టవచ్చు. సీటు దొరికాకే రాద్దామని ఆగితే ఆఫీసులో ఆ రెండు గంటలూ పోతాయి. దొరక్కముందే "మంగళవారం వచ్చేస్తా" అంటే మాట తప్పాల్సి రావచ్చు. అందుకే ఒక మెసేజీతో పని కాదు, రెండు కావాలి. మొదటిది ఇలా ఉండొచ్చు:

"నమస్తే సార్. ఈ రాత్రి (18, ఆదివారం) పలాసలో నేను ఎక్కాల్సిన ఫలక్‌నుమా, 12703, రద్దయింది. రేపు సోమవారం ఆఫీసుకు రాలేను. బస్సు చూస్తున్నాను. ఎప్పుడు వస్తానో రాత్రి 8 లోపు ఖాయంగా చెబుతాను. 3బి లెక్కల షీటు మన డ్రైవ్‌లో ఉంది. రెండు కొనుగోలు బిల్లులు తప్ప అన్నీ సరిచూశాను. ఆ రెండూ రేపు ఉదయం చూస్తామని కొనుగోళ్ల సెక్షన్ మేడమ్ చెప్పారు. రిటర్ను ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది, నేను లేకపోయినా ఆగదు."

ఇందులో క్షమాపణ లేదు, గమనించారా? పెట్టుకోవాలనుకుంటే చివర్లో ఒక మాట పెట్టుకోవచ్చు. మేనేజరు భయం రైలు గురించి కాదు, 20వ తేదీ గురించి. 3బి ఆలస్యమైతే కట్టాల్సిన పన్ను ఉన్న రిటర్నుకు రోజుకు 50 రూపాయల రుసుము, దానికి తోడు పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడతాయి. కాబట్టి షీటు ఎక్కడుంది, ఎంత మిగిలింది, ఓటీపీ ఎవరికి వస్తుంది అన్న మూడు మాటలు ఆయనకు వంద సారీల కంటే ఎక్కువ. ఆ చివరి ఓటీపీ సంగతి చాలామంది మరిచిపోతారు. బ్యాంకు చెల్లింపులకైనా, సర్వర్ లాగిన్‌కైనా ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చేట్టుంటే, మీరు సిగ్నల్ లేని ఊళ్లో చిక్కుకున్నారంటే పనీ అక్కడే చిక్కుకుంటుంది. ఆ విషయం ముందే రాయాలి, ఎన్ని గంటల మధ్య ఫోన్ అందుతుందో కూడా.

రద్దుకు కారణం రాయలేదు, అదీ గమనించండి. ట్రాక్ మరమ్మతా, పట్టాలు తప్పడమా అన్నది ప్రయాణికుడికి సరిగా తెలియదు. ప్లాట్‌ఫారం మీద విన్న కబురును మెసేజీలోకి ఎక్కిస్తే, అది తప్పని తేలినప్పుడు మీ మాటే తప్పినట్టవుతుంది.

రాత్రి ఎనిమిదింటికి రెండో మెసేజీ:

"సార్, సోమవారం సాయంత్రం బస్సులో సీటు ఖాయమైంది. మంగళవారం ఉదయం హైదరాబాద్ చేరతాను, 11 గంటలకు సీట్లో ఉంటాను. సోమవారానికి క్యాజువల్ లీవు పోర్టల్‌లో పెట్టాను. రైల్వే మెసేజీ, బస్సు టికెట్ జతచేశాను."

బస్సు ఉదయం ఎనిమిదికి చేరుతుందని టికెట్ మీద ఉన్నా 11 అని రాయడంలో తెలివుంది. పండగ తర్వాత నగరం చుట్టూ ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు. 9 అని రాసి 11కి వస్తే అది రెండో ఆలస్యం. 11 అని రాసి పదిన్నరకు వస్తే ఎవరూ ఏమీ అనరు.

ఇప్పుడు రుజువు సంగతి. రైలు రద్దవుతుందని వార్త వినగానే కొందరు కంగారుపడి ఈ-టికెట్‌ను తామే రద్దు చేసుకుంటారు. చేసుకోకండి. రైల్వే మొత్తం రైలును రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు పూర్తిగా దానంతటదే వెనక్కి వస్తుంది, ఏ దరఖాస్తూ అక్కర్లేదు. ముందే మీరు రద్దు చేసుకుంటే కోత పడుతుంది. ఆఫీసు కోణంలో అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. పీఎన్ఆర్ వివరాల్లో TRAIN CANCELLED అని కనిపించాల్సిన చోట CAN/MOD అని కనిపిస్తుంది. అంటే ప్రయాణికుడే రద్దు చేసుకున్నాడని. నిజం మీ పక్షాన ఉన్నా రికార్డు ఉండదు. అసలు మెసేజీని, పీఎన్ఆర్ తెరను ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోవాలి, కొన్నాళ్లకు ఆ పీఎన్ఆర్ తెరవబోతే ఏమీ దొరకదు. జపాన్‌లో రైలు ఆలస్యమైతే ఆఫీసులో చూపించుకోవడానికి రైల్వేవాళ్లే ఒక చీటీ ఇస్తారు. మనకు ఆ భాగ్యం లేదు, మనకున్నదల్లా ఈ ఎస్సెమ్మెస్సే.

విమానమైతే సంస్థ పంపే రద్దు ఈమెయిలే రుజువు. అయితే అక్కడ మర్యాదకు సంబంధించిన లెక్క ఒకటుంది. రద్దు చేసిన సంస్థ సాధారణంగా డబ్బు వాపసో, వేరే విమానంలో సీటో ఇవ్వజూపుతుంది. మర్నాడు ఉదయానికే సీటు ఇస్తామన్నా, ఎలాగూ రద్దయింది కదా అని ఇంకో రెండు రోజులు ఊళ్లో ఉండిపోయారనుకోండి. మొదటి రోజు విమానసంస్థది, తర్వాతి రెండూ మీవి. మెసేజీలో వాటిని కలిపేయకుండా "ఈ రెండు రోజులు సొంత సెలవుగా రాసుకోండి" అనడం పద్ధతి. అలాగే రైలు మూడు గంటలకు మించి ఆలస్యమైతే ఎక్కకుండా పూర్తి డబ్బు అడిగే హక్కు మీకుంది, రైలు కదలకముందే టీడీఆర్ దాఖలు చేయాలి. కానీ ఎక్కకూడదన్నది మీ నిర్ణయం. దాన్ని రద్దుగా రాయకూడదు.

సెలవు లెక్కలో ప్రైవేటు కంపెనీలు తలోరకం. శుక్రవారం సెలవు పెట్టి, సోమవారం రాలేకపోతే మధ్యలోని శని, ఆదివారాలను కూడా సెలవుగా లెక్కించే 'శాండ్‌విచ్' నిబంధన కొన్నిచోట్ల ఉంది. అక్కడ ఒక్క సోమవారం తప్పితే నాలుగు రోజులు పోతాయి. సోమవారం లాప్‌టాప్‌తో ఇంటి నుంచే పనిచేస్తానని అడిగి, ఒప్పుకుంటే ఆ మాట రాతలో ఉంచుకోవడం ఇలాంటిచోట డబ్బు విలువున్న పని.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సంగతి ఇంకాస్త గట్టిగా ఉంటుంది. 1972 నాటి సెలవు నిబంధనల్లో 25వది, మంజూరైన సెలవు ముగిశాక రాకపోవడం గురించే. అధికారి సెలవు పొడిగించకపోతే ఆ రోజులకు సెలవు జీతం రాదు. కావాలని రాలేదని తేలితే క్రమశిక్షణ చర్య కూడా ఉండొచ్చు. కావాలని కాదు అని ఎలా తెలుస్తుంది? 2020 లాక్‌డౌన్‌లో సెలవు మీద వెళ్లి రవాణా లేక చిక్కుపడ్డవారి విషయంలో కేంద్ర సిబ్బంది శాఖ ఒక వివరణ ఇచ్చింది. రాలేకపోతున్నట్టు ఏదో ఒక రూపంలో ఆఫీసుకు తెలియజేసినవారిని సెలవు ముగిసిన నాడే విధుల్లో చేరినట్టు పరిగణించవచ్చని. రైళ్లు లేవన్న సంగతి అప్పుడు దేశమంతటికీ తెలుసు. అయినా కబురు పెట్టారా లేదా అని అడిగారు.

"బస్సు పట్టుకుని రావచ్చుగా" అనే మేనేజర్లకు 2024 సెప్టెంబరు 1 గుర్తుచేయాలి. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర వరదకు కొట్టుకుపోయింది, అదే వానకు హైదరాబాద్–విజయవాడ రహదారీ తెగింది. ఆ ఆదివారం విజయవాడలో చిక్కుకున్నవారికి రైలూ లేదు, రోడ్డూ లేదు. ఇలాంటప్పుడు తేదీ చెప్పలేకపోవడం తప్పు కాదు. మళ్లీ ఎప్పుడు కబురు పెడతామో చెబితే చాలు.

మేనేజర్లకూ ఒక విన్నపం. ఇలాంటి మెసేజీ వచ్చినప్పుడు బొటనవేలి బొమ్మ పెట్టి వదిలేయకండి. ఆ రోజును సెలవుగా రాస్తారో, ఇంటి నుంచి పనిగా రాస్తారో అప్పుడే ఒక వాక్యంలో చెప్పేయండి. నెలాఖరున జీతం కోసినప్పుడు ఇద్దరూ వెతుక్కునేది ఆ వాక్యాన్నే.