ఉద్యోగం మారినా ప్రొఫైల్ మారకపోతే

ఎనిమిదేళ్లపాటు ఆటోక్యాడ్‌లో డ్రాయింగులు గీసిన ఓ మెకానికల్ ఇంజనీరు, కోర్సు చేసి హైదరాబాద్‌లో డేటా అనలిస్టుగా చేరాడనుకుందాం. ఏడాది గడిచినా లింక్డిన్‌లో అతనికి వచ్చే సందేశాలు మాత్రం ‘డిజైన్ ఇంజనీరు కావాలి’ అనే. తప్పు రిక్రూటర్లది కాదు. వాళ్లు వెతికేది హోదా పేరు, నైపుణ్యం పేరు కొట్టి. ఇతని ప్రొఫైల్లో ఆటోక్యాడ్‌కు 47 ఎండార్స్‌మెంట్లు ఉంటే, ఎస్‌క్యూఎల్‌కు ఉన్నవి రెండే.

ఇలాంటి ప్రొఫైల్‌ను శుభ్రం చేయాలంటే ముందు ఒక తేడా తెలియాలి. నైపుణ్యాల జాబితా, ఉద్యోగ వివరాలు మనం రాసుకున్నవి, దిద్దుకోవచ్చు, తీసేయొచ్చు. ఎండార్స్‌మెంట్లు, సిఫారసులు ఇతరులు ఇచ్చినవి. వాటిని కనబడకుండా దాచుకోగలమే గానీ, అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేం.

అందుకే మొదటి పని తుడవడం కాదు, దాచిపెట్టుకోవడం. సెట్టింగ్స్‌లో Data privacy కింద Get a copy of your data అని ఉంటుంది. అక్కడ కోరితే ఉద్యోగాలు, నైపుణ్యాలు, వచ్చిన సిఫారసులు ఫైళ్లుగా మన చేతికి వస్తాయి. రేపు ఏదైనా పొరపాటున పోయినా అందులో ఏముందో మన దగ్గర ఉంటుంది.

రెండోది, చప్పుడు ఆపడం. ఉద్యోగ వివరాలు మార్చే పేజీలో Notify network అనే మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉండగా పాత హోదాను సవరిస్తే, మళ్లీ ఉద్యోగం మారాడేమోనని అభినందనలు మొదలు కావచ్చు. పని మొదలుపెట్టే ముందే దాన్ని ఆపేయాలి.

ఇక నైపుణ్యాలు. ఆటోక్యాడ్‌ను జాబితాలోంచి తీసేస్తే దానికి వచ్చిన 47 ఎండార్స్‌మెంట్లూ దాంతోపాటే పోతాయి. కాబట్టి కొత్త పనికి ఏ మాత్రం సంబంధం లేదని తేలినవాటినే తీసేయాలి. తయారీ రంగంలోని కంపెనీకే డేటా పని చేస్తుంటే ఆటోక్యాడ్ తెలిసి ఉండటం లాభమే. దాన్ని ఉంచి, ఎస్‌క్యూఎల్‌ను, పవర్ బీఐని పైకి తెస్తే సరిపోతుంది. వరుస మార్చుకునే వీలు ఆ విభాగంలోనే ఉంది. నైపుణ్యం ఉండాలి గానీ ఎవరో ముక్కూ మొహం తెలియని వ్యక్తి నొక్కిన ఎండార్స్‌మెంట్ వద్దనుకుంటే, ఎండార్స్‌మెంట్ల అంకె మీద నొక్కి ఆ ఒక్కరి పేరునే దాచవచ్చు.

సిఫారసుల దగ్గర తొందర పనికిరాదు. ఎండార్స్‌మెంట్ ఒక్క నొక్కుతో వస్తుంది. సిఫారసుకు ఒక మనిషి కూర్చుని నాలుగు వాక్యాలు రాయాలి. ‘డ్రాయింగుల్లో తిరుగులేనివాడు’ అని పాత మేనేజరు రాసినది ఇప్పుడు దారి తప్పిస్తుంది గనుక దాచవచ్చు. ‘గడువు తప్పడు, లెక్కల్లో తేడా రానివ్వడు’ అని రాసినది డేటా ఉద్యోగానికీ పనికొస్తుంది గనుక ఉంచాలి. రెండూ కలిసిన సిఫారసైతే, రాసినవారినే సవరించి ఇమ్మని అక్కడి నుంచే కోరవచ్చు. ప్రతి సిఫారసూ ఏదో ఒక ఉద్యోగానికి ముడిపడి ఉంటుందని మరిచిపోకూడదు. ఆ ఉద్యోగాన్నే తొలగించే ముందు దానికి వచ్చిన మాటల్ని కాపీ చేసిపెట్టుకోవాలి.

అసలు పాత ఉద్యోగాన్ని తీసేయడం అవసరమా? చాలాసార్లు కాదు. ఎనిమిదేళ్లు మాయమైతే చూసేవారికి ఆ ఖాళీయే ముందు కనబడుతుంది. హోదా, తేదీలు ఉన్నవి ఉన్నట్టే ఉంచి వివరణను తిరగరాయడం మేలు. ‘పంపు విడిభాగాల డ్రాయింగులు తయారుచేశాను’ అన్న చోట ‘విడిభాగాల కొలతల్లో వచ్చే తేడాలను ఎక్సెల్‌లో నమోదు చేసి, ఏ యంత్రం దగ్గర లోపం పుడుతోందో గుర్తించేవాణ్ని’ అని రాస్తే, అదే ఉద్యోగం కొత్త దారికి పునాదిగా కనిపిస్తుంది. అయితే ఆ పని నిజంగా చేసి ఉండాలి.

తేదీలను మాత్రం అటూ ఇటూ జరపకూడదు. ఉద్యోగంలోకి తీసుకునే ముందు జరిపే తనిఖీలో పీఎఫ్ ఖాతాలోని సర్వీసు వివరాలు అడిగే కంపెనీలు మన దగ్గర ఉన్నాయి. రెజ్యూమెలో ఒకటి, ప్రొఫైల్లో ఒకటి, పీఎఫ్‌లో ఇంకొకటి ఉంటే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది అభ్యర్థే.

ఇంత చేశాక కూడా పాత సందేశాలే వస్తుంటే చూడాల్సింది Open to work. ఉద్యోగం వెతుకుతున్నానని ఎప్పుడో పెట్టినప్పుడు రాసిన ‘డిజైన్ ఇంజనీర్’ అన్న హోదా అక్కడ అలాగే ఉండిపోయి ఉండొచ్చు. పేరు కింద కనిపించే హెడ్‌లైన్ కూడా తనంతట తాను మారకపోవచ్చు. చివరగా లాగవుట్ అయి, మీ ప్రొఫైల్ లింకును మరో బ్రౌజరులో తెరిచి, బయటివాళ్లకు ఏం కనిపిస్తోందో ఒకసారి చూసుకోండి. గూగుల్ ఫలితాల్లో పాత హోదా కొన్నాళ్లు కనిపించినా కంగారు పడకండి. అక్కడ మారడానికి కొంత సమయం పడుతుంది.