వేడుక ప్రకటనలో వేళ, టికెట్టు

విదేశాల్లోని తెలుగు సంఘం సాంస్కృతిక సాయంత్రం గురించి పోస్టరు కింద రాసే నాలుగు వాక్యాల్లో ఎక్కువ తికమక తెచ్చేది వేళే. హాలుకు వచ్చేవారికి స్థానిక సమయం చాలు. ప్రత్యక్ష ప్రసారం చూసే బంధువులకు అది చాలదు.

2026లో ఉగాది మార్చి 19, గురువారం. డాలస్‌లో వేడుకను 21, శనివారం సాయంత్రం 5 గంటలకు పెట్టారనుకుందాం. అమెరికాలో ఆ ఏడాది మార్చి 8నే గడియారాలు గంట ముందుకు జరిగాయి. అందుకని అప్పుడు భారత్‌లో ఆదివారం తెల్లవారుజామున 3:30 అవుతుంది. పాత అలవాటుతో సీఎస్‌టీ అని రాస్తే లెక్క 4:30కి పోతుంది, ఇంట్లోవాళ్లు మనవరాలి కూచిపూడి చూడలేకపోతారు. అక్షరాల సంకేతం కన్నా ఊరి పేరే నయం. భారత్‌లో తేదీ మారుతుంది కాబట్టి వారం పేరు కూడా తప్పనిసరి.

టికెట్టు ధర తలకా, కుటుంబానికా, ఏ వయసు పిల్లలకు ఉచితం, భోజనం కలిసిందా అన్నవి ధర పక్కనే ఉండాలి. నమూనా ఇలా ఉంటుంది:

“ఉగాది సాంస్కృతిక సాయంత్రం. మార్చి 21, శనివారం, డాలస్ సమయం సాయంత్రం 5 (భారత్‌లో మార్చి 22, ఆదివారం తెల్లవారుజాము 3:30). ప్రవేశం 4:30 నుంచి. పెద్దలకు తలకు 20 డాలర్లు, భోజనంతో. ఐదేళ్లలోపు పిల్లలకు ఉచితం. టికెట్లు మార్చి 18, డాలస్ సమయం రాత్రి 9 వరకే.”

ఆఖరి గడువుకూ ఊరి పేరు రాయడం మరవకూడదు.