నిలబడే ఉద్యోగం, నిండుతున్న నెలలు

శ్రావణం దగ్గర పడుతోందంటే బట్టల షోరూంలకు ఊపిరాడదు. వరలక్ష్మీ వ్రతం చీరలు, పెళ్లి బట్టలు, ఆ వెంటనే వినాయక చవితికి పిల్లల డ్రెస్సులు. పొద్దున పదింటికి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదిన్నరకు గానీ దించరు. అంతసేపూ గ్రానైట్ గచ్చు మీద నిలబడి, ర్యాకులోంచి తీసి, పరిచి చూపించి, మళ్లీ మడతపెట్టే అమ్మాయిల్లో గర్భిణులూ ఉంటారు. కడుపు కనబడే నెల వచ్చేదాకా చాలామంది ఆ సంగతి యజమానికి చెప్పరు. చెబితే మానెయ్యమంటారేమోనని భయం.

గర్భంతో ఉన్నప్పుడు పనిచేయడమే ప్రమాదమని డాక్టర్లు అనరు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణి చివరి నెలల దాకా ఉద్యోగం చేసుకోవచ్చు. ‘‘మా రోజుల్లో నెలలు నిండేదాకా పనిచేశాం’’ అని అత్తగార్లు అనేదీ నిజమే. అయితే ఇంటిపనుల్లో నడవడం, కూర్చోవడం, లేవడం ఉండేవి. కౌంటర్ వెనక గంటల తరబడి ఒకేచోట నిలబడటం వేరు.

నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు బిగుస్తూ వదులుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి, గుండెవైపు నెడతాయి. కదలకుండా నిలబడితే ఆ పంపు ఆగిపోతుంది. గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం దాకా పెరుగుతుంది. హార్మోన్ల వల్ల సిరల గోడలు వదులవుతాయి. పెరిగే గర్భసంచి కాళ్ల నుంచి రక్తం పైకి వచ్చే పెద్ద సిరల మీద ఒత్తిడి పెంచుతుంది. ఈ మూడూ కలిసి రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది. కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, సాయంత్రానికి చెప్పులు బిగుసుకోవడం, పిక్కల మీద నీలిరంగు నరాలు ఉబ్బడం అందుకే. రోజూ గంటల తరబడి నిలబడేవాళ్లలో నెలలు నిండకముందే కాన్పు అయ్యే అవకాశం కొద్దిగా ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ పెరుగుదల చిన్నదే. కానీ ఇదివరకు నెల తక్కువ కాన్పు అయినవాళ్లు, కవలలను మోస్తున్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

షోరూంలో ఇంకో బాధ ఉంది, దాని గురించి ఎవరూ పైకి అనరు. టాయిలెట్ పైఅంతస్తులోనో వెనక సందులోనో ఉంటుంది, కస్టమర్‌ను వదిలి వెళ్లడానికి వీల్లేదు. అందుకని నీళ్లు తాగడమే మానేస్తారు. గర్భిణికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. చికిత్స చేయకపోతే అది కిడ్నీలకు పాకి, నొప్పులు ముందే మొదలయ్యేలా చేయగలదు. మూత్రంలో మంట, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే మాత్ర వేసుకుని ఊరుకోకుండా పరీక్ష చేయించుకోవాలి. కేరళలోని కోళికోడ్ మిఠాయి వీధిలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు మొదట టాయిలెట్ కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు. కుట్టుపని చేసే పి. విజి ముందుండి నడిపించిన ఆ ఉద్యమం ఫలితంగా 2018లో కేరళ దుకాణాల చట్టంలో కూర్చునే హక్కు చేరింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది.

మన దగ్గర గర్భిణి చేతిలో ఉన్న ఆయుధం ప్రసూతి ప్రయోజనాల చట్టం. 1961 నాటి ఆ చట్టంలో ఉన్న రక్షణలు ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చాయి. గర్భిణి కోరితే ఎక్కువసేపు నిలబడే పని, శ్రమ ఎక్కువుండే పని చెప్పకూడదు. తేలికపాటి పని ఇచ్చారన్న కారణంగా జీతం కోయకూడదు. ఈ రెండో సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

అయితే ఆ హక్కు ఎప్పటి నుంచో లెక్క వేసుకోవాలి. ఒకామెకు డాక్టర్ ఇచ్చిన కాన్పు తేదీ నవంబర్ 30 అనుకుందాం. దానికి ఆరు వారాల ముందు అంటే అక్టోబర్ 19. అంతకు సరిగ్గా నెల ముందు, సెప్టెంబర్ 19 నుంచి చట్టం ఆమె పక్షాన నిలుస్తుంది. కాన్పుకు ముందు తీసుకోదగిన ఎనిమిది వారాల సెలవు అక్టోబర్ 5న మొదలవుతుంది. కానీ ఆగస్టు 10 నాటికే ఆమెకు 24 వారాలు. కాళ్ల వాపులు, కళ్లు తిరగడం అప్పటికే మొదలై ఉంటాయి. పైగా అది పండగల రద్దీ. ఆ నలభై రోజులకు చట్టం పెద్దగా అక్కరకు రాదు. డాక్టర్ రాసిచ్చే కాగితమే అక్కరకొస్తుంది.

ఆ కాగితంలో ‘లైట్ వర్క్’ అని మాత్రమే ఉంటే మేనేజర్‌కు ఏం చేయాలో తెలియదు. ‘గంటకోసారి పది నిమిషాలు కూర్చోవాలి, నిచ్చెన ఎక్కకూడదు, పది కిలోలు దాటిన కట్టలు ఎత్తకూడదు’ అని ఉండాలి. అప్పుడు ‘‘సార్, డాక్టరమ్మ ఇలా రాశారు, నన్ను బిల్లింగ్‌లోనో ప్యాకింగ్‌లోనో వేయండి’’ అని అడగడం తేలిక. సెక్షన్ మార్చలేకపోతే కౌంటర్ వెనక ఎత్తు స్టూల్ వేసినా చాలా మేలు. జానెడు ఎత్తు పీట మీద ఒక కాలు మార్చి ఒకటి పెడుతుంటే నడుము మీద భారం తగ్గుతుంది. నిలబడక తప్పనప్పుడు మడమలు ఎత్తి దించుతుంటే పిక్కలు పనిచేస్తాయి. బిగుతు మేజోళ్లు డాక్టర్ చెబితే పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి. కాళ్లు వాచాక వేసుకుంటే ఉపయోగం తక్కువ.

రాత్రి కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి తగ్గే వాపు మామూలుదే. ముఖం, చేతులు ఉబ్బినా, తగ్గని తలనొప్పి ఉన్నా, చూపు మసకబారినా వెంటనే బీపీ చూపించుకోవాలి. ఒక్క కాలే వాచి పిక్క నొప్పెడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని ఆ రోజే చూపించాలి. పొట్ట బిగుసుకుంటుంటే కూర్చుని నీళ్లు తాగాలి. అయినా ఆగకుండా వరసగా వస్తుంటే ఇంటికి కాదు, ఆస్పత్రికి వెళ్లాలి.

రాత్రి షిఫ్టులు చేసే నర్సులు, కాల్ సెంటర్ ఉద్యోగులది వేరే చిక్కు. డెన్మార్క్‌లో ఎక్కువగా ఆస్పత్రి ఉద్యోగుల మీద జరిగి 2019లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, ఎనిమిదో వారం దాటాక ఒక వారంలో రెండు అంతకుమించి రాత్రులు పనిచేసినవాళ్లకు మరుసటి వారం గర్భస్రావం ముప్పు సుమారు మూడో వంతు ఎక్కువగా కనిపించింది. ఆ దశలో అసలు ముప్పే తక్కువ కనుక భయపడి ఉద్యోగం మానక్కర్లేదు. వారానికి ఒక రాత్రికి మించకుండా రోస్టర్ వేయమని అడగడం సబబు.

ఇక ఇంటికి చేరే దారి. స్కూటీ కుదుపులకే గర్భం పోతుందన్నది అపోహ. అసలు ప్రమాదం పడిపోవడంలో ఉంది. నెలలు పెరిగేకొద్దీ శరీరం బరువు ముందుకు వాలి బ్యాలెన్స్ మారుతుంది. పొట్ట హ్యాండిల్‌కు దగ్గరవుతుంటే బండి నడపడం ఆపేయాలి. వెనక కూర్చున్నా ఒకవైపుకు కాకుండా రెండువైపులా కాళ్లు వేసి కూర్చోవడం మేలు. అందుకు చీర కన్నా చుడీదార్ నయం, చున్నీ చక్రంలో పడకుండా ముడివేసుకోవాలి. మాయ కిందకు ఉందని, రక్తం కనబడిందని డాక్టర్ హెచ్చరించినవాళ్లు బండి ఎక్కే ముందు ఆయన్నే అడగాలి.

పడితే మాత్రం గీత పడలేదని ఊరుకోకూడదు. దెబ్బ అదురుకు మాయ గర్భసంచి నుంచి కొంత విడిపోవచ్చు. ఆ రక్తం బయటికి రాకుండా లోపలే నిలవవచ్చు. అయిదో నెల దాటినవాళ్లను ఆస్పత్రిలో కనీసం నాలుగు గంటలు ఉంచి బిడ్డ గుండె చప్పుడు, నొప్పులు గమనిస్తారు. తల్లిది నెగటివ్ గ్రూపు అయితే ఆ మాట మొదటే చెప్పాలి, అవసరమైతే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తారు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ పక్కన గర్భిణి కార్డు ఉంటే ఆ గ్రూపు, కాన్పు తేదీ ఎవరైనా చూసి చెప్పగలరు.