డెబ్బైలో ఇమిడే తెలుగు ఎస్సెమ్మెస్

ఒక ఎస్సెమ్మెస్‌లో మాటలకు దొరికే చోటు 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి అందులో 160 అక్షరాలు పడతాయి. తెలుగు యూనికోడ్‌లో వెళ్తుంది, ఒక్కో గుర్తుకు రెండు బైట్లు కావాలి. అంటే 70 గుర్తులే. పైగా గుణింతం, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ ఆరు గుర్తులు తింటుంది!

ఇంగ్లిష్ సందేశంలో ఒక్క తెలుగు అక్షరమో, ఎమోజీయో దూరినా మొత్తానికీ 70 పరిమితే.

ఒక బడి పంపే సందేశం చూద్దాం: ‘రేపు ఉదయం 10 గంటలకు పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశం జరుగుతుంది. దయచేసి తప్పక హాజరు కాగలరు.’ ఖాళీలతో కలిపి 88 గుర్తులు. హద్దు దాటింది కాబట్టి రెండు ముక్కలవుతుంది. ముక్కలను కలిపే సమాచారానికీ చోటు కావాలి గనుక ఒక్కో ముక్కలో 67 గుర్తులే పడతాయి. పెద్దమొత్తంలో పంపేవారికి సాధారణంగా ముక్కకింత చొప్పున బిల్లు పడుతుంది.

ఎక్కడ కోయాలి? అంకెలు, వేళ జోలికి వెళ్లకూడదు. ‘జరుగుతుంది’, ‘దయచేసి’ పోయినా అర్థం చెడదు. ‘పాఠశాలలో’ బదులు ‘బడిలో’ అంటే మూడు గుర్తులు మిగులుతాయి, వినడానికీ హాయి.

‘రేపు ఉదయం 10కి బడిలో తల్లిదండ్రుల సమావేశం. తప్పక రండి.’ ఇప్పుడు 54. ఇంకా 16 మిగిలాయి. సందేశం ఆలస్యంగా చేరితే ‘రేపు’ తప్పుదారి పట్టిస్తుంది, ఆ చోటును తేదీకి వాడుకోండి.