ఎల్ సైజంటే ఎన్ని అంగుళాలు?

దసరా ఇంకా మూడు నాలుగు వారాలుందనగానే బొటిక్ యజమానుల వాట్సాప్ స్టేటస్‌లు కొత్త బట్టలతో నిండిపోతాయి. ‘పండుగ కలెక్షన్ వచ్చేసింది. మంగళగిరి కాటన్ కుర్తీలు. ఎం నుంచి డబుల్ ఎక్సెల్ వరకు. ధర 950 నుంచి 2,200. కావాల్సినవాళ్లు మెసేజ్ చేయండి.’ చదివితే అంతా చెప్పేసినట్టే ఉంటుంది. తీరా పార్సిల్ వచ్చాక చంక దగ్గర పట్టేసిందనో, భుజం జారిపోతోందనో గొడవ. దానికి మూలం చాలాసార్లు ఆ సైజుల మాటలోనే ఉంటుంది.

కుర్తీల్లో సాధారణంగా ఎం అంటే 38, ఎల్ 40, ఎక్సెల్ 42, డబుల్ ఎక్సెల్ 44 అంగుళాలు. ఇది ఛాతీ చుట్టుకొలత. అయితే అది ఒంటి కొలతా, కుట్టిన బట్ట కొలతా అన్నది ఒక్కో బొటిక్‌లో ఒక్కో తీరు. నేత కాటన్ సాగదు కాబట్టి ఒంటి కంటే కనీసం రెండు అంగుళాల లూజు ఉండాలి. ఛాతీ 38 ఉన్నావిడ బట్ట కొలతే 38 ఉన్న కుర్తీ వేసుకుంటే చెయ్యి ఎత్తడం కష్టం.

అందుకే మీకు బాగా కుదిరిన కుర్తీని మంచం మీద పరిచి, చంకల కింద ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా టేపు పెట్టండి. 20 వస్తే మీ కొలత 40. ‘మీ ఎల్ పరిచి కొలిస్తే ఎంత వస్తుందండీ?’ అని అడగండి. బట్టను తడిపి ఆరేశాకే కుట్టారా అన్నదీ అడగాలి. లేకపోతే 46 అంగుళాల పొడవు మొదటి ఉతుకులోనే అంగుళం పైన తగ్గిపోవచ్చు.

ధర సంగతికొస్తే, 950 అన్నది లైనింగ్ లేని సాదా కుర్తీకి, 2,200 మెడకు మగ్గం వర్క్ చేసినదానికి కావచ్చు. పోస్టులో ముందుగా కళ్లకు కట్టేది ఆ రెండోదే. ప్రతి ఫొటో కిందా కోడ్, ధర రాసే యజమానురాలే నాకు నచ్చుతుంది. ఇద్దరికీ పది మెసేజ్‌ల శ్రమ తప్పుతుంది.

ఆర్డర్ కూడా ఒక్క మెసేజ్‌లో చెప్పేయొచ్చు: ‘డి-14, ఆకుపచ్చ, ఎల్. పరిచి కొలిస్తే చంకల కింద 20, పొడవు 46. మోచేతుల దాకా చేతులు. దుర్గాష్టమిలోపు గుంటూరు చేరాలి.’ ఆ ముక్క ఉందో లేదో, కొరియర్‌తో కలిపి మొత్తమెంతో, ఏ రోజు పంపుతారో రాతలో జవాబొచ్చాకే డబ్బు పంపండి. ఎప్పుడైనా డబ్బు వెనక్కివ్వాల్సి వచ్చి, అందుకోసం యూపీఐ పిన్ కొట్టమంటే అది మోసమే. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

మార్పిడి లేదని ముందే చెప్పే బొటిక్‌లు చాలా ఉన్నాయి. అలాంటిచోట పక్క కుట్ల లోపల ఎంత బట్ట వదిలారో అడగండి. అంగుళం వదిలుంటే, ముందూ వెనకా రెండు పక్కలా అర అంగుళం చొప్పున విప్పినా చుట్టుకొలత రెండు అంగుళాలు పెరుగుతుంది. వీధి చివరి దర్జీ దగ్గరే ఆ పని అయిపోతుంది.