కాలేయం మార్చాక పన్నెండు గంటలకో మాత్ర

సిర్రోసిస్ ఉన్న ప్రతి ఒక్కరికీ కాలేయ మార్పిడి అవసరం రాదు. పొట్టలో నీరు చేరడం, రక్తపు వాంతులు, తగ్గని కామెర్లు, మాట తడబడి మగత కమ్మడం మొదలైతే కాలేయం చేతులెత్తేస్తోందని అర్థం. అప్పుడు వైద్యులు బిలిరుబిన్, క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్‌ఆర్ వంటి పరీక్షలతో మెల్డ్ స్కోరు కడతారు. అది 6 నుంచి 40 దాకా ఉంటుంది. సాధారణంగా 15 చేరితే ఆపరేషన్ ముప్పు కన్నా మేలే ఎక్కువ. కాలేయానికే పరిమితమైన చిన్న క్యాన్సర్ గడ్డలకు స్కోరు తక్కువున్నా మార్పిడి చేస్తారు. పసుపు భాస్వరం కలిసిన ఎలుకల మందు పేస్టు తిన్నవారిలో కాలేయం రోజుల్లోనే దెబ్బతింటుంది. వారికి ఆగే వ్యవధి ఉండదు.

బ్రెయిన్‌డెడ్ దాతల కాలేయం తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ ద్వారా, పేరు నమోదు చేసుకున్నవారికి అందుతుంది. వరుస వచ్చేదాకా ఆగలేనివారికి ఇంట్లోవాళ్లే దిక్కు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు, తాతామనవల వంటి దగ్గరివారు కాకపోతే అధికారిక కమిటీ అనుమతి కావాలి.

బ్లడ్ గ్రూపు కలిసినా కొలత కుదరాలి. తండ్రి బరువు 70 కిలోలు అనుకుందాం. అందులో 0.8 శాతం, అంటే సుమారు 560 గ్రాముల కాలేయం ఆయనకు కావాలి. కొడుకు కాలేయం సీటీ స్కాన్‌లో 1,200 గ్రాములుంది. కుడి భాగం 740 గ్రాములు. అది తీస్తే అతనికి 460 గ్రాములు, అంటే 38 శాతం మిగులుతుంది. కనీసం 30 శాతమైనా మిగలాలి గనుక లెక్క కుదిరినట్టే. మిగిలిన భాగం కొద్ది నెలల్లో దాదాపు పూర్వపు పరిమాణానికి పెరుగుతుంది. అయినా దాతకూ ఇది పెద్ద ఆపరేషనే, ప్రాణాపాయం అరుదైనా లేకపోలేదు. ఆ సంగతి అతనికి దాచకుండా చెప్పి తీరాలి.

కొత్త కాలేయాన్ని శరీరం పరాయిదిగానే చూస్తుంది. ఆ దాడిని అణచే ప్రధాన మందు టాక్రోలిమస్. సాధారణంగా దాన్ని పన్నెండు గంటలకోసారి వేసుకోవాలి. రక్తంలో తగ్గితే శరీరం కాలేయాన్ని తిరస్కరిస్తుంది. పెరిగితే చేతులు వణుకుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, షుగరు వస్తుంది. మోతాదు సరిచూసే రక్తపరీక్ష ఉదయం మాత్రకు ముందే ఇవ్వాలి. మాత్ర వేసుకుని వెళితే అంకె తప్పుగా ఎక్కువ కనిపిస్తుంది, వైద్యుడు అనవసరంగా మోతాదు తగ్గించే ప్రమాదం ఉంది.

పంపరపనస, క్లారిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్ ఈ మందు స్థాయిని పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ దాన్ని బాగా పడగొడుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో క్షయ తిరగబెట్టవచ్చు గనుక ఈ చిక్కు మన దగ్గర తరచూ ఎదురయ్యేదే. అందుకే జ్వరానికి మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనడం వీరికి పనికిరాదు. జ్వరం వస్తే మార్పిడి చేసిన బృందానికే ఫోన్ చేయాలి.

తిరస్కరణ మొదలైనా తొలిదశలో నొప్పీ, జ్వరమూ ఉండకపోవచ్చు. రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు పెరగడమే తొలి ఆనవాలు. బయాప్సీలో ఖాయమైతే స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో ఎక్కువగా అదుపులోకి వస్తుంది. పదేళ్లు బాగున్నా మాత్ర మానకూడదు, పరీక్షలు ఆపకూడదు.